చేతికి చల్లగా తగిలిన పైపు

ఆ వాసన ముందు పసిగట్టింది మా ఫిట్టర్ బాబాయి. "బాబూ, ఎక్కడో స్పాంజి మాడుతోంది" అన్నాడు.

రాత్రి రెండున్నర. హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ. నేను కొత్తగా చేరిన ట్రైనీ ఇంజనీరును. బాయిలర్ హౌస్ నుంచి డ్రయ్యర్ల దాకా వెళ్లే నాలుగంగుళాల స్టీమ్ లైను వెంట టార్చిలైటు పట్టుకుని నడిచాం. దానికి ల్యాగింగ్ వేసి నాలుగు నెలలు కూడా కాలేదు. పైనున్న అల్యూమినియం రేకు మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చన కూడా లేదు.

"ఇది కాదులే బాబాయ్" అన్నాను.

ఆయన జవాబు చెప్పకుండా నిచ్చెనెక్కి రేకు స్క్రూలు విప్పాడు. కింద లేతపసుపు రంగు పఫ్, అంటే పాలీయూరిథేన్ నురగ, చూపుకు నిక్షేపంలా ఉంది. కత్తితో లోపలికి కోస్తుంటే రంగు మారింది. ముందు గోధుమ, తర్వాత నలుపు. లోపలి రాక్‌వూల్ పొరను ఆనుకున్న చోట వేళ్లతో నలిపితే పొడి రాలింది.

తెల్లారి సీనియర్ ఇంజనీరు గారు వచ్చారు. డ్రాయింగులో ఉన్నది లోపల 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్, దాని మీద 25 పఫ్. కాంట్రాక్టరు వేసింది 25 రాక్‌వూల్, 50 పఫ్. ఎవరికీ తెలియకుండా చేయలేదతను. "మొత్తం మందం అదే 75 సార్, పైగా వేడి నష్టం తగ్గుతుంది" అని కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అసలు చిక్కంతా అక్కడే.

సారు లాగ్‌షీటు వెనక్కి తిప్పి పెన్ను తీశారు. "స్టీము 10 బార్ గేజి, అంటే 184 డిగ్రీలు. పైపు గోడ కూడా దాదాపు అంతే వేడి అనుకో. బయటి గాలి 34. మధ్యలో ఉన్న తేడా 150. ఈ 150ని పొరలు పంచుకుంటాయి. ఎవరి అడ్డం ఎక్కువైతే వాళ్ల వాటా ఎక్కువ."

గుండ్రటి పొరకు మీటరు పొడవున అడ్డం ఇలా వస్తుంది:

R = ln(r₂/r₁) / (2πk)

పైపు బయటి వ్యాసార్థం 57 మి.మీ. రాక్‌వూల్ చివర 82, పఫ్ చివర 132. ఆ వేడిలో రాక్‌వూల్ వాహకత్వం 0.045, పఫ్‌ది 0.03గా తీసుకున్నారు. రాక్‌వూల్ అడ్డం 1.29 వచ్చింది, పఫ్‌ది 2.53. రేకు నుంచి గాలికి మరో 0.12. మొత్తం 3.94. 150ని దానితో భాగిస్తే మీటరుకు 38 వాట్ల నష్టం.

"ఇప్పుడు రెండు పొరలు కలిసే చోట వేడి చెప్పు."

38ని 1.29తో హెచ్చించి 184లోంచి తీసేశాను. 135 వచ్చింది. నోట మాట రాలేదు. పఫ్ ఏళ్ల తరబడి ఓర్చుకునేది సుమారు 120 వరకే.

డ్రాయింగు ప్రకారం లెక్కిస్తే రాక్‌వూల్ అడ్డం 2.23, పఫ్‌ది 1.11. నష్టం 43 వాట్లు, అంటే మీటరుకు అయిదు వాట్లు ఎక్కువే. కానీ పొరల మధ్య వేడి 88 దగ్గర ఆగింది. కాంట్రాక్టరు ఆదా చేసిన ఆ అయిదు వాట్ల కోసం నురగ మాడిపోయింది. బయట కప్పిన పొర ఎంత గట్టిగా వేడిని ఆపితే, దాని లోపలి అంచు అంతగా కాగుతుంది. దుప్పటి మందమైతే లోపల ఉక్కపోత పెరగదూ!

మరి నా చెయ్యి ఎందుకు మోసపోయింది? రేకు మీద వేడిని కూడా లెక్కకట్టారు సారు. సరైన పద్ధతిలో 39.2, తప్పు పద్ధతిలో 38.6. మాడుతున్న పైపే అర డిగ్రీ చల్లన!

ల్యాగింగ్ మళ్లీ వేయించాం. ఈసారి రేకు బిగించే ముందు బాబాయి రెండు పొరల మధ్య ఒక థర్మోకపుల్ తీగ దూర్చి కొస బయటికి వదిలాడు. మొదటి వారం 89 చూపించింది. లెక్కకు ఒక్క డిగ్రీ తేడా.

ఆ తీగతో పని వానాకాలంలో పడింది. ఆగస్టులో ఒక రోజు అంకె 101కి ఎక్కింది. పఫ్ బాగానే ఉంది, స్టీము ప్రెషరూ మారలేదు. "రాక్‌వూల్ తడిసిందేమో చూడండి" అన్నారు సారు ఫోన్లో. తడి పట్టి దాని వాహకత్వం రెట్టింపైతే, సరిగ్గా వేసిన పైపులో కూడా ఆ చోట 113 దాకా వస్తుందట. లైను పొడుగునా రేకు అతుకులు వెతికాం. మూడో సపోర్టు దగ్గర సీలు ఊడి, వాననీళ్లు లోపలికి దిగుతున్నాయి.

బాబాయి అతుకు విప్పి గుప్పెడు రాక్‌వూల్ పిండాడు. సెగలు కక్కుతూ నీళ్లు కారాయి.