ఏ తెలుగులో జవాబు?

కొన్నేళ్ళ క్రితం పరీక్ష పేపర్లు దిద్దుతూ అనంతపురం జిల్లా విద్యార్థి రాసిన వ్యాసంలో "మా నాయన చేనికాడికి వచ్చినాడు" అన్న వాక్యం కింద ఎర్రగీత గీశాను. పైన "వచ్చాడు" అని దిద్దాను. మార్కులు కూడికలు వేసుకునేటప్పుడు ప్రశ్న మళ్ళీ కంటబడింది. "మీ ఊరిలో జరిగిన సంఘటన నొకదానిని మీ సొంత మాటలలో వివరించుము." సొంత మాట అడిగింది నేను. అది వచ్చేసరికి కొట్టేసిందీ నేనే.

ఆ ఎర్రగీతకు చరిత్ర వైపు నుంచి ఏమన్నా ఆధారముందా అని చూస్తే, లేదు. "వచ్చిన" అనే రూపానికి "వాఁడు" చేరితే "వచ్చినవాఁడు". అది కుదించుకుని "వచ్చినాఁడు" అయింది. రాయలసీమ ఈ రూపాన్ని దాదాపు అట్లాగే నిలుపుకున్నది. తెలంగాణలో మధ్య దీర్ఘం పోయి, నకారం మిగిలి "వచ్చిండు" అయింది. కృష్ణా గోదావరి ప్రాంతాల్లో నకారమే జారిపోయింది. దానికి అటూ ఇటూ ఉన్న అచ్చులు కలిసి ఒక కొత్త ధ్వని పుట్టింది. ఆ ధ్వనికి మన లిపిలో అక్షరం లేదు. అందుకనే ఒకరు "వచ్చాడు" అనీ, మరొకరు "వచ్చేడు" అనీ, ఇంకొకరు "వచ్చ్యాడు" అనీ రాశారు. అంటే మూడింటిలోకీ ఎక్కువగా అరిగిపోయిన రూపంతో, అందరికంటె తక్కువ అరిగిన రూపాన్ని దిద్దానన్నమాట. పాతది కనుక రాయలసీమ రూపమే గొప్పదని నేననడం లేదు. అట్లా అంటే గ్రాంథికవాదుల పక్కన కూర్చోవలసి వస్తుంది. ఒక తల్లి బిడ్డల్లో ఒకరు మరొకరికి తప్పు కాలేరని మాత్రమే నా మాట.

అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ వ్యుత్పత్తి కాదు. "నీ తెలుగులో చెప్పు" అని అడగడం ఎట్లా అన్నది. అడిగేవాడెవడు, ఏ తెలుగులో అడుగుతున్నాడు అన్న రెండిటిని బట్టే జవాబు మారిపోతుంది.

ఈ పనిని ప్రభుత్వం పెద్దఎత్తున తలపెట్టింది గ్రియర్సన్ సర్వేలో. జిల్లా అధికారుల ద్వారా ప్రతి మాండలికానికీ మూడు నమూనాలు తెప్పించారు. మొదటిది బైబిలులోని తప్పిపోయిన కుమారుడి కథకు అనువాదం. రెండవది స్థానికంగా దొరికిన కథో, కథనమో. మూడవది పదాల, వాక్యాల పట్టిక. మొదటిదానిలో చిక్కేమిటో అనువాదం చేసిన ఎవరికైనా తెలుసు. మూలగ్రంథం కళ్ళెదుట ఉంటే నోరు దాని వాక్యాన్నే పలుకుతుంది. పైగా అడిగినవాడు సర్కారు మనిషి. గ్రియర్సన్‌కు ఈ సంగతి తెలియదనుకోను; రెండవ నమూనా అడగడమే అందుకు సాక్ష్యం.

కాని అసలు విచిత్రం వేరే ఉంది. మద్రాసు రాజధాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు ఆ సర్వే పరిధిలోకి రానేలేదు. కనుక 1906లో స్టెన్ కోనో సంపాదకత్వాన వచ్చిన ద్రావిడ భాషల సంపుటంలో తెలుగు మాండలికాలుగా కనిపించేవి బొంబాయి, మధ్యపరగణాల వంటి చోట్ల బతుకుతెరువుకు పోయిన కామాఠీల, వడ్డెరల, దాసరుల, సాలెవాళ్ళ భాషలు. తెలుగు నేలమీది రైతు నోటిని ఎవరూ అడగలేదు.

ఆ లోటు కొంత తీరింది 1962లో. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ పదాల సంపుటాన్ని ప్రచురించింది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. ఉత్తర, తూర్పు, దక్షిణ, మధ్య మండలాలనే నాలుగు ప్రాంతాల విభజన మన చర్చల్లో స్థిరపడింది ఆ కృషి నుంచే. ఇక్కడ అడిగింది పని చేసేవాణ్ణి, అదీ అతని పనిముట్ల గురించి. అయినా దాని హద్దు దానికుంది. వృత్తిపదకోశం పేర్లు పట్టుకుంటుంది. క్రియలూ, వాక్యాలూ దాని వలకు చిక్కవు.

పేర్లు పట్టుకోవడమూ తేలిక కాదని అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో నాకు తెలిసివచ్చింది. ఇద్దరు విద్యార్థులతో పోయి ఒక పెద్దాయనను "నాగలిని మీరేమంటారు?" అని అడిగాను. "నాగలే అంటాము సార్" అన్నాడు. నేను రాసుకున్నాను. కాసేపటికి ఆయన కొడుకును కేకేసి "ఒరే, మడక తీసుకోని రారా" అన్నాడు. నేను తెల్లబోతే, "మడకంటే మీకు తెలుస్తాదో తెలీదో అని" అని నవ్వాడు. ఆయన అబద్ధమాడలేదు, నాకు మర్యాద చేశాడు. నేను ప్రశ్నలోనే మాటను పెట్టి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిరిగి ఇచ్చాడు. వస్తువును చూపించి "ఇదేమిటి?" అన్నా, "దుక్కి దేనితో దున్నుతారు?" అన్నా ఇంత జరిగేది కాదు.

క్రియల విషయంలో ఈ మర్యాద ఇంకా లోతుకు పోతుంది. నల్లగొండ వైపు ఒక ఇల్లాలిని "మీ అబ్బాయి ఇంకా రావడం లేదా అండీ?" అని అడిగితే "లేదండి, రావడం లేదు" అంది. ఆ నాలుగు మాటలూ నావే. "అండి"తో సహా నా దగ్గర నుంచి తీసుకుని నాకే అప్పజెప్పింది. ఇంతలో గోడ అవతలి నుంచి పక్కింటామె "పోరడు వస్తలేడా?" అని కేకేసింది. "వస్తలేడు, పని మీద పోయిండు" అని ఈమె జవాబు. జవాబు ఎవరిదో పోల్చుకోవాలంటే, ప్రశ్నలోని క్రియారూపమే జవాబులోనూ వచ్చిందా అన్నది ముందు చూడాలి. వస్తే దాన్ని నమ్మకూడదు. వ్యతిరేక రూపాలను వినాలి. కోస్తాలో "రావడం లేదు" అన్నచోట తెలంగాణలో "వస్తలేడు" వస్తుంది. ఇక్కడ తేడా ఒక్క అక్షరంలో కాదు, నిర్మాణంలోనే ఉంది.

సరే, తరగతిలోనే సూటిగా "మీ యాసలో మాట్లాడండి" అని చూశాను. అది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. సిద్ధిపేట నుంచి వచ్చిన పిల్లవాడు లేచి సినిమా విలన్ లాగా మాట్లాడాడు. దశాబ్దాల తరబడి తెరమీద ఆ భాషను రౌడీలకూ, నవ్వించే పాత్రలకూ కట్టబెట్టారు. "నీ యాస" అనగానే వాడికి గుర్తొచ్చింది వాళ్ళమ్మ కాదు, ఆ పాత్ర. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు, ఆ నెలంతా మళ్ళీ నోరు విప్పలేదు. "యాస" అన్న మాటలోనే తక్కెడ ఒకవైపు వంగి ఉంది. గుంటూరు పిల్లవాణ్ణి మీ యాసలో మాట్లాడమని మనమెవరమూ అడగం.

మరొక సంగతి. "తెలంగాణ తెలుగు" అని అడిగినా గురి తప్పుతుంది. నల్లగొండలో "వచ్చిండు" అన్నది కరీంనగర్ వైపు "అచ్చిండు" కూడా అవుతుంది. శ్రీకాకుళంలో "ఏటి" అన్నవాణ్ణీ నెల్లూరులో "ఎట్టా" అన్నవాణ్ణీ కలిపి "ఆంధ్ర యాస" అంటే ఇద్దరిలో ఒక్కరూ దొరకరు. మండలం పేరు పటానికి పనికొస్తుంది. నోటికి కావలసింది ఊరు, ఆ ఊళ్ళో వినే మనిషి.

ఇప్పుడు నేను ప్రశ్న ఇట్లా ఇస్తున్నాను: "మీ ఊళ్ళో బావి ఎండిపోయిన సంగతి మీ అవ్వ పక్కింటామెకు చెబుతోంది. ఆమె అన్న మాటలు అన్నట్టే రాయండి." మొన్న వచ్చిన పేపర్లలో ఒక దానిమీద కలం పట్టుకుని చాలాసేపు ఆగిపోయాను. "నీల్లు ఏడున్నయమ్మ" అని ఉంది. ళకారం కింద గీత గీయాలా, వద్దా? ఆ పిల్లను పిలిచి చదవమన్నాను. చదివింది. వాళ్ళవ్వ అట్లాగే అంటుందట.