నాలుగు అక్షరాలు, నాలుగు అడుగులు

ఆటల పీరియడులో పిల్లల కాలు మడత పడితే ఏం చేయాలన్న విషయానికి ఇప్పుడు ఒక చరిత్ర స్థిరపడిపోయింది. వెనకటికి ఆముదంతో మర్దన, పసుపూ ఉప్పూ కలిపిన పట్టు, బెణుకు తీసే ముసలమ్మ. 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తన పుస్తకంలో 'రైస్' అన్న సూత్రం చెప్పాడు: విశ్రాంతి, మంచు, బిగువు కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. దాంతో నాటు పద్ధతి పోయి శాస్త్రం వచ్చిందంటారు. వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లోనూ దాదాపు ఇదే చెబుతారు. ఈ కథ రెండుచోట్ల నిలవదని నా అనుమానం. 1978లో వచ్చింది శాస్త్రం కాదు, గుర్తు పెట్టుకోవడానికి పనికొచ్చే మాట. శాస్త్రమని చెప్పదగ్గది 1992లో వచ్చింది గాని, అది మన బడి మైదానం దాకా సరిగా చేరలేదు.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సుశ్రుతుడు కీలు తప్పడాన్ని ఆరు రకాలుగా, ఎముక విరగడాన్ని పన్నెండు రకాలుగా విడదీశాడు. అంటే మందుకంటే ముందు 'దెబ్బ తగిలింది కీలుకా, ఎముకకా' అన్న ప్రశ్న ఉందన్నమాట. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు వైద్యుల చేతివేళ్లు మొదట వెతికేదీ అదే. ఐరోపాలో ప్రథమ చికిత్స మామూలు మనుషుల చేతికొచ్చింది 19వ శతాబ్దం చివర్లో. 1878లో వూల్విచ్‌లో పీటర్ షెపర్డ్ అనే సైనిక వైద్యుడు సెయింట్ జాన్ తరఫున పాఠాలు మొదలుపెట్టాడు. నాలుగేళ్లకు జర్మనీలో ఎస్మార్క్ అలాంటి బడే తెరిచాడు. ఆ సంప్రదాయంలోని పాత కరదీపికల్లో బెణుకుకు చెప్పినది చాలా సాదా: కాలు కదపకుండా గట్టిగా కట్టు కట్టి, ఆ కట్టును చన్నీళ్లతో తడుపుతూ ఉండమన్నారు. మన బడిలో కుండ నీళ్లతో ఈ పని ఈనాటికీ చేయొచ్చు.

అంటే చలవ, బిగువు, కదపకపోవడం 1978కి ముందే ఉన్నాయి. మరి మంచుకు అంత పేరెలా వచ్చింది? ఇక్కడ ఒక ముచ్చట బాగా ప్రచారంలో ఉంది. 1962 మేలో బోస్టన్ దగ్గర పన్నెండేళ్ల కుర్రాడి చెయ్యి రైలు కిందపడి తెగిపోతే, దాన్ని మంచులో భద్రపరిచి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు తిరిగి అతికించారు. ఆ వార్తతో మంచు అన్ని గాయాలకూ మందైపోయిందని కొందరు రాస్తారు. నాకు ఇది అతికినట్టు లేదు. తెగిన చేతిని కుళ్లకుండా ఉంచడం వేరు, ఒంటికి అంటుకునే ఉన్న మడమ వాపు వేరు. పైగా అదే దశకంలో బేస్‌బాల్ ఆటగాడు శాండీ కూఫాక్స్ ఆట ముగిశాక మోచేతిని మంచునీళ్లలో ముంచడం అందరికీ తెలిసిన సంగతే. క్రీడాకారుల గదుల్లో మంచు వాడుక సొంతంగానే పెరుగుతోంది. మిర్కిన్ దానికి నాలుగు అక్షరాలిచ్చాడు.

ఆ అక్షరాలు అచ్చైనప్పుడు వాటి వెనక సరైన పోల్చి చూసిన పరీక్షలు లేవు. తర్వాత వెతికినవాళ్లకూ పెద్దగా దొరకలేదు. మంచు వాడకంపై వచ్చిన ప్రయోగాలన్నిటినీ 2004లో బ్లీక్లీ బృందం పోగుచేసి చూస్తే, నొప్పి తగ్గుతుందన్నదానికే కొంత ఆధారం కనిపించింది. త్వరగా నయమవుతుందన్నదానికి లేదు. 2012లో మడమ బెణుకుల మీద డచ్చి వైద్యులు చేసిన సమీక్షా ఆధారాలు చాలవనే తేల్చింది. జపాన్‌లో ఎలుకల కండరాలను నలిపి మంచు పెడితే మళ్లీ కండ పెరగడం ఆలస్యమైంది. 2014లో మిర్కినే తన మాట సవరించుకుని, మంచూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశాడు.

అయితే ఇక్కడినుంచి 'మంచు హానికరం' అని ఊగిపోయేవాళ్లతోనూ నేను వెళ్లలేను. ఎలుక కండరం మనిషి మడమ స్నాయువు కాదు. నొప్పి ఉన్న పిల్లకు పది నిమిషాల పాటు తడిగుడ్డలో చుట్టిన మంచు పెడితే కొంత ఊరట, అంతే. దాన్ని నేరుగా చర్మానికి ఆనించకూడదు, అరగంట అలా వదిలేయకూడదు. అసలు ప్రమాదం మంచులో లేదు, మంచు పెట్టాక 'ఇప్పుడు నొప్పి లేదుగా, ఆడు' అనడంలో ఉంది. నొప్పి స్ప్రే సీసా కూడా ఇందుకే నాకు నచ్చదు. అది చర్మాన్ని కాసేపు మొద్దుబార్చి, పరీక్షించడానికి వచ్చిన మనిషికి దొరకాల్సిన జవాబును దాచేస్తుంది.

జవాబు ఏమిటో 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయన్ స్టీల్ బృందం తేల్చింది. మడమ దెబ్బతో వచ్చినవాళ్లలో దాదాపు అందరికీ ఎక్స్‌రే తీస్తున్నా, ఎముక విరిగినవాళ్లు నూటికి పదిహేను మంది కూడా ఉండటం లేదు. ఎవరికి అవసరమో చేత్తోనే తెలుసుకోవచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ నియమం పుట్టింది పెద్దవాళ్ల కోసం, ఆసుపత్రి వైద్యుల కోసం. తర్వాత పిల్లల్లోనూ పరీక్షించారు. వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని ఎక్స్‌రే వద్దనడానికి కాదు, ఆసుపత్రికి పంపడానికి వాడుకోవాలి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఖోఖో ఆడుతూ, స్తంభం దగ్గర మలుపు తిరగబోయి ఎడమ పాదం లోపలికి మడిచి పడిందనుకుందాం. వెంటనే లేపి నడిపించకూడదు. పాదం ఒకవైపు తిరిగిపోయిందా, ఎముక దగ్గర చర్మం చీలిందా, వేళ్లు తెల్లబడ్డాయా, తిమ్మిరెక్కాయా అని చూడాలి. వీటిలో ఏదున్నా పరీక్షలు మాని, కాలికి అటూ ఇటూ అట్టముక్కలు ఆనించి ఉన్నదున్నట్టుగా కట్టి 108కి ఫోన్ చేయాలి. లేదంటే, 'నొప్పి ఎక్కడమ్మా?' అని ఆమె వేలితోనే చూపించమనాలి. తర్వాత మీ వేలి కొనతో బయటి చీలమండ ఎముక కొన మీద, దాని వెనక అంచు వెంబడి ఆరు సెంటీమీటర్ల మేర పైకి నొక్కి చూడాలి. లోపలి చీలమండకూ అంతే. పాదం బయటి అంచు మధ్యలో పొడుచుకొచ్చిన ఎముకనూ, లోపలివైపు పాదం వంపు పైనున్న ఎముకనూ వదలకూడదు. మెత్తటి చోట నొప్పి ఉండి ఎముక మీద లేకపోతే ధైర్యమే. అప్పుడు నిలబెట్టి నాలుగు అడుగులు వేయమనాలి. కుంటినా ఫర్వాలేదు. వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా ఆసుపత్రికే.

పిల్లల విషయంలో ఇంకో తగవుంది. ఎదిగే వయసులో ఎముక చివరనుండే పెరుగుదల పొర స్నాయువు కన్నా బలహీనమనీ, కాబట్టి పిల్లల బెణుకంతా ఆ పొర విరుపేననీ చాలాకాలం బోధించారు. 2016లో టొరంటోలో క్యాతీ బూటిస్ బృందం అలాంటి అనుమానంతో వచ్చిన 135 మంది పిల్లలకు ఎంఆర్ఐ తీయించి చూస్తే, నిజంగా ఆ విరుపు ఉన్నది నూటికి మూడు మందికే. తక్కినవాటిలో ఎక్కువ బెణుకులే. పాత భయం అతిగా ఉండేదని తేలింది గాని, ఆ ముగ్గురెవరో మైదానంలో చూసి చెప్పలేం. అందుకే ఎముక మీద నొప్పి ఉంటే నిర్ణయం వైద్యులకే వదలాలి.

మన అమ్మాయి నాలుగు అడుగులు వేసిందనుకుందాం. క్రేప్ బ్యాండేజీని వేళ్ల మొదలు నుంచి మడమ మీదుగా చీలమండ పై వరకు ఎనిమిది అంకెలాగా చుట్టి, కాలు బెంచీ మీద పెట్టించాలి. పది నిమిషాలకు కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రదనం రావాలి. రాకపోతే కట్టు వదులు చేయాలి. ఆరోజు ఆట లేదు. ఇంటికి కబురు చెప్పేటప్పుడు 'రెండురోజులు మర్దన వద్దు, కాపడం వద్దు, గుంజించొద్దు' అని స్పష్టంగా చెప్పాలి. మంచం మీదే ఉంచమని మాత్రం చెప్పనక్కర్లేదు. 2010లో బ్లీక్లీ బృందమే, మొదటి వారంలోనే తేలిక కదలికలు మొదలుపెట్టినవాళ్లు బాగా నడవగలిగారని చూపించింది.

కమిలిన గాయాల చరిత్రలోనూ ఇలాంటి తిరుగుడే ఉంది. కబడ్డీలో మోకాలు తగిలి తొడ ముందు కండ కమిలితే కాలు చాపి ఉంచడమే పద్ధతిగా ఉండేది. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో 1973లో వెలువడిన అధ్యయనం తర్వాత ఆలోచన మారింది. 1991 నాటికి వాళ్లు మోకాలిని 120 డిగ్రీలు వంచి ఒకరోజు ఉంచడం మంచిదన్నారు. ఉపాధ్యాయుడు అంత చేయనక్కర్లేదు. కమిలిన కండను పిసక్కుండా ఉంటే చాలు. పిసికితే లోపల రక్తస్రావం పెరిగి, వారాల తర్వాత ఆ కండలోనే ఎముక గట్టిపడే అవకాశం ఉంది. తొడ గట్టిగా బిగుసుకుపోయి నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే మాత్రం ఆలస్యం కూడదు.

కళ్లు తిరగడం దగ్గరికొస్తే మన బళ్లు ఇంకా ఉల్లిపాయ వాసన, చేతిలో తాళాల గుత్తి దగ్గరే ఉన్నాయి. ఎండలో కదలకుండా నిలబడ్డ పిల్ల తెల్లబడి పడిపోవడం ఎందుకో 1932లోనే థామస్ లూయిస్ వివరించాడు: గుండె నెమ్మదించి, రక్తనాళాలు వదులై, మెదడుకు రక్తం తగ్గుతుంది. అందువల్ల కూర్చోబెట్టకూడదు, పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. నిమిషంలో తేరుకుంటుంది. పడినప్పుడు రెండుమూడు సార్లు చేతులు కొట్టుకోవడం మూర్ఛ అనుకోనక్కర్లేదు. స్పృహ పూర్తిగా వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకూడదు. ఇంకా పడిపోకుండా తూలుతున్న పిల్లను కాళ్లు పెనవేసి తొడలు బిగించమనడమో, గొంతుక్కూర్చోమనడమో 2019 అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కానీ ఉపాధ్యాయుడు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: నిలబడి పడిందా, పరుగెత్తుతూ పడిందా? పరుగు మధ్యలో కూలితే గుండె జబ్బు అనుమానించాలి. వెంటనే 108, ఊపిరి మామూలుగా లేకపోతే ఛాతీ నొక్కడం. ఒళ్లు కాలిపోతూ పొంతనలేని మాటలు మాట్లాడితే వడదెబ్బ. అంబులెన్సు కోసం ఎదురుచూడకుండా బక్కెట్లతో నీళ్లు పోసి విసరాలి. తలకు దెబ్బ తగిలాక కళ్లు తిరిగితే ఆరోజంతా ఆట బంద్. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో దీనికి చట్టమే చేసింది, మనకింకా అలాంటి పట్టింపు కనిపించదు.

ఇప్పుడు 'రైస్' స్థానంలో ప్రైస్ వచ్చింది, 2012లో పోలీస్ వచ్చింది, ఆ తర్వాత పీస్ అండ్ లవ్ అని తొమ్మిది అక్షరాలది వచ్చింది. వీటిలో చాలావరకు రెండో రోజు తర్వాతి సంగతి, ఫిజియోథెరపిస్టు సంగతి. మొదటి పది నిమిషాల్లో ఉపాధ్యాయుడి పని వీటివల్ల పెద్దగా మారలేదు. శిక్షణలో మాత్రం అక్షరాలే అడుగుతున్నారు. వేలు ఎక్కడ నొక్కాలో చేయించి చూపేవాళ్లు అరుదు. ప్రథమ చికిత్స పెట్టె తెరిస్తే అయోడిన్, దూది, స్ప్రే సీసా కనబడతాయి. నాలుగు అంగుళాల క్రేప్ బ్యాండేజీ రెండు చుట్టలు ఉన్న పెట్టె నాకు తక్కువగానే ఎదురైంది.