అదే చోటు, అదే వేళ, అదే కన్ను

1972 జూలై 23న అమెరికా ఈఆర్‌టీఎస్-1 అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. తర్వాత దానికే ల్యాండ్‌శాట్-1 అని పేరు మార్చారు. అందులో అసలు పరికరం టీవీ కెమెరాల జట్టు. పటాలు గీసేవాళ్ల నమ్మకమంతా వాటి మీదే. రెండో పరికరం మల్టీస్పెక్ట్రల్ స్కానర్. దాన్ని ప్రయోగంగా చూద్దామని ఎక్కించారు. బరువు నూరు పౌండ్లు, అంటే సుమారు 45 కిలోలు దాటకూడదని ముందే షరతు పెట్టారు.

ఆ స్కానర్‌ను రూపొందించింది హ్యూస్ కంపెనీలో పనిచేసే వర్జీనియా నార్‌వుడ్. ఆమె మొదట ఇంకా ఎక్కువ రంగు పట్టీలు ఉండాలనుకున్నా, బరువు షరతు వల్ల నాలుగుతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆకుపచ్చ ఒకటి, ఎరుపు ఒకటి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో రెండు. లోపల ఒక అద్దం సెకనుకు పదమూడు సార్లకు పైగా అటూ ఇటూ ఊగుతూ కింద నేలను గీత గీతగా చదువుతుంది. ఆకాశంలో పరుగెత్తే యంత్రంలో ఊగే అద్దం పెడితే బొమ్మ కొలతలకు పనికొస్తుందా అని చాలామంది సందేహించారు. నమూనా యంత్రాన్ని ట్రక్కులో పెట్టుకుని కాలిఫోర్నియా అంతా తిప్పి, యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను స్కాన్ చేసి చూపించారు. సందేహం పూర్తిగా తీరింది మాత్రం ప్రయోగం తర్వాతే. రెండు వారాలు తిరక్కుండానే విద్యుత్ లోపం వచ్చి టీవీ కెమెరాలను ఆపేయాల్సి వచ్చింది. స్కానర్ మాత్రం 1978 దాకా పనిచేసింది.

ఆకాశం నుంచి ఫొటోలు తీయడం అప్పటికి కొత్త కాదు. గూఢచారి ఉపగ్రహాలు 1960ల నుంచే ఫిల్మ్ మీద తీస్తున్నాయి. అయితే ఫిల్మ్‌ను కడిగిన తీరును బట్టి నలుపు తెలుపులు మారిపోతాయి. నార్‌వుడ్ స్కానర్ బొమ్మకు బదులు అంకెలు పంపింది. దాదాపు 80 మీటర్ల చదరపు నేలముక్క ఒక్కొక్కదానికి, ఒక్కో పట్టీలో ఎంత వెలుగు తిరిగి వచ్చిందో చెప్పే 64 మెట్లలో ఒక అంకె. ఉపగ్రహం 18 రోజులకోసారి అదే చోటి మీదికి, అదే పొద్దుటి వేళకు వచ్చేది. ఏటా అదే నెలలో తీసిన బొమ్మలు తీసుకుంటే ఎండ వాలూ నీడలూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఇక పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, పచ్చని ఆకు తిప్పికొడుతుంది. అందుకే పంటపొలాల మధ్య పారే నది ఆ పట్టీలో నల్లగా, దాన్ని ఆనుకున్న పచ్చటి గట్టు తెల్లగా పడతాయి. అంకె ఎక్కడ ఎగబాకితే గట్టు అక్కడ ఉన్నట్టు. పాత బొమ్మలో ఆ గీత ఎక్కడుందో, కొత్త బొమ్మలో ఎక్కడుందో పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. ఉపగ్రహ చిత్రం కన్నా, పోల్చదగ్గ ఉపగ్రహ చిత్రం పెద్ద సంగతి.

మన దేశంలో ఈ పోలికకు మొదటి పెద్ద పరీక్ష హైదరాబాద్‌లో జరిగింది. ఇక్కడి జాతీయ దూర సంవేదన సంస్థ 1979లో షాద్‌నగర్ దగ్గర ల్యాండ్‌శాట్ సంకేతాలు అందుకునే కేంద్రాన్ని పెట్టింది. ఆ తర్వాత దేశం మొత్తానికీ అడవుల లెక్క రెండుసార్లు తీసింది, ఒకటి 1972-75 నాటి చిత్రాలతో, ఇంకొకటి 1980-82 నాటి చిత్రాలతో. అప్పటి పద్ధతి కంప్యూటర్ కన్నా కంటినే ఎక్కువ నమ్ముకున్నది. చిత్రాన్ని పది లక్షలకు ఒకటి చొప్పున అచ్చువేస్తే కిలోమీటరు ఒక మిల్లీమీటరు అవుతుంది. పరారుణ పట్టీని ఎరుపు రంగులో అచ్చువేస్తారు కాబట్టి అందులో అడవి ఎర్రగా కనిపిస్తుంది. దీపపు బల్ల మీద చిత్రం పరిచి, పైన పారదర్శక కాగితం వేసి, ఆ ఎరుపు అంచు వెంట పెన్సిల్‌తో గీస్తూ పోవాలి.

వచ్చిన ఫలితం దేశాన్ని ఉలిక్కిపడేలా చేసింది. దేశ విస్తీర్ణంలో 16.89 శాతం ఉన్న అడవి ఏడెనిమిదేళ్లలో 14.10 శాతానికి పడిపోయింది. ఏడాదికి 13 లక్షల హెక్టార్లు పోతోందన్న మాట ఆ తర్వాత ఎన్నో చోట్ల వినబడింది. అంతలో 1987లో భారత అటవీ సర్వే తన మొదటి నివేదిక తెచ్చింది. వాళ్లు వాడిందీ ల్యాండ్‌శాట్ చిత్రాలే, కాలం 1981-83. వాళ్ల లెక్కలో అడవి 19.52 శాతం!

ఒకే ఉపగ్రహం, దాదాపు ఒకే కాలం, మధ్యలో ఐదు శాతానికి పైగా తేడా. రెండు సంస్థలూ కూర్చుని లెక్కలు సరిచూసుకున్నాక 19.5 శాతం దగ్గర కుదిరాయి. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సరిచేసిన 19.5ను పాత 16.89 పక్కన పెడితే ఏడేళ్లలో అడవి పెరిగినట్టు తేలుతుంది! రెండు కాలాల అంకెలు ఒకే నియమంతో, ఒకే చేతితో గీసినవైతేనే వాటి మధ్య తేడాకు అర్థం. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే, మనం కొలిచేది మనుషుల అభిప్రాయాల మధ్య దూరాన్నే గానీ అడవిలో వచ్చిన మార్పును కాదు.

అడవి అంచు దగ్గర కన్ను ఎక్కడ తడబడుతుందో తెలంగాణ టేకు అడవులను చూస్తే అర్థమవుతుంది. నవంబరులో దట్టంగా ఉన్న అడవి మార్చికల్లా ఆకు రాల్చేస్తుంది. పాతది నవంబరు చిత్రం, కొత్తది మార్చి చిత్రం అయితే గొడ్డలి పడకుండానే అడవి మాయమవుతుంది. పల్చబడ్డ అడవినీ, చిట్టడవినీ లెక్కలో వేయాలా వద్దా అన్నది మరో పేచీ. పైగా 1987 నివేదికలో 400 హెక్టార్ల కన్నా చిన్న ముక్కలు చేరనే లేదు. అచ్చులో అది రెండు మిల్లీమీటర్ల చదరం, పెన్సిల్ ములుకు తిరగడానికి కావలసినంత చోటు.

నది గట్టుకూ ఇదే బెడద. సెప్టెంబరు గోదావరికీ ఏప్రిల్ గోదావరికీ మధ్య బయటపడే ఇసుకమేట గట్టు జరిగినంత భ్రమ కలిగిస్తుంది. పాత చిత్రం, కొత్త చిత్రం సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఇంకో రకం మోసం. ఒక్క గడి పక్కకు జరిగినా నదికి ఒక గట్టున కోత, ఎదుటి గట్టున పూడిక కనిపిస్తాయి. దాన్ని పట్టే ఉపాయం కదలని వస్తువును వెతకడం. నాగార్జున సాగర్ ఆనకట్ట 1967కే పూర్తయింది కాబట్టి ఆ ప్రాంతపు రెండు చిత్రాల్లోనూ అది ఒకే చోట పడాలి. ఆ ఆనకట్టే పక్కకు జరిగినట్టు కనిపిస్తే తప్పు పటానిదే, నదిది కాదు. 1970ల చిత్రంలో గడి 80 మీటర్లు, 1984 తర్వాతి ల్యాండ్‌శాట్ చిత్రాల్లో 30 మీటర్లు. అలాంటి జంటలో గట్టు యాభై మీటర్లు కోసుకుపోయిందని వాదిస్తే నేను నమ్మను, అర కిలోమీటరు అంటే వింటాను.

ఈ పోలిక చాలాకాలం సంస్థలకే అందుబాటులో ఉండేది. 1980ల చివర్లో, 90ల మొదట్లో ఒక్క దృశ్యం ధర నాలుగు వేల డాలర్లు దాటింది. తర్వాత 600 డాలర్లకు దిగినా, పాతదీ కొత్తదీ రెండూ కొనాలి కదా. 2008లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ మొత్తం భండారాన్ని ఉచితం చేసింది. అప్పటి నుంచి ఒక రైతు కొడుకు కూడా తన ఊరి ఏటిగట్టుకు యాభై ఏళ్ల జంట చిత్రాలు దింపుకోవచ్చు, ఒకవేళ పాతది ఉంటే. ఉపగ్రహంలోని టేపు రికార్డర్లకు పరిమితి ఉండేది, మధ్యలో పాడయ్యేవి కూడా. సంకేతాలు అందుకునే కేంద్రం లేని దేశాల మీదుగా వెళ్లిన రోజుల్లో చాలా దృశ్యాలు అసలు నమోదే కాలేదు. కొన్ని ఆయా దేశాల కేంద్రాల టేపుల్లోనే ఉండిపోయాయి. వాటిని ఒకచోట చేర్చే పని 2010లో మొదలైంది. 1972లో తీయకుండా వదిలేసిన చోట మాత్రం, పోల్చడానికి మొదటి చిత్రం ఎప్పటికీ దొరకదు.