గంటలు కరిగి కాసులైన ఏడాది

1180 ఏళ్లు అనేది ఎవరూ పండగ చేసుకునే లెక్క కాదు. అయినా దాదాపు అన్నేళ్ల కిందట, క్రీ.శ. 845లో, చైనాలో జరిగిన ఒక పనిని ఈ వంకతోనైనా తలచుకోవాలి. తాంగ్ వంశపు చక్రవర్తి వూజోంగ్ ఆ ఏడాది 4,600 పెద్ద విహారాలనూ, 40,000 చిన్న ఆరామాలనూ కూల్పించాడు. 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణుల చేత కాషాయం విప్పించి పన్ను కట్టే రైతుల పట్టీలోకి ఎక్కించాడు. విహారాల కింద ఉన్న లక్షా యాభై వేల మంది బానిసలనూ అదే పట్టీలో చేర్చాడు. బౌద్ధ గ్రంథాలు దీన్ని మతోన్మాదమని రాసుకున్నాయి. కన్ఫ్యూషియన్ పండితులేమో దేశాన్ని పీడిస్తున్న జబ్బుకు చేసిన వైద్యమని రాసుకున్నారు. ఆ ఉత్తర్వుల్ని పక్కపక్కన పెట్టి చదివితే మూడో మాట తోస్తుంది. ఇది డబ్బు కోసం జరిగిన పని. కానీ ఖజానాకు గండి కొట్టినవాళ్లు భిక్షువులు కారు, వాళ్లు సర్కారు చేతికి అందినవాళ్లు.

నేపథ్యం క్లుప్తంగా చెప్పుకుందాం. బౌద్ధం చైనాకు క్రీస్తు శకం మొదటి శతాబ్దాల్లో చేరింది. ఉత్తరాదిని ఏలిన రాజులు 446లో ఒకసారి, 574లో మరోసారి దాన్ని అణచడానికి చూశారు, రెండుసార్లూ అది త్వరలోనే తేరుకుంది. తాంగ్‌ల తొలి నూరేళ్లు దానికి వైభవకాలం. మన ధాన్యకటకం దాకా వచ్చి కొన్ని నెలలు చదువుకుని వెళ్లిన హ్యుయాన్‌త్సాంగ్ ఆ కాలంవాడే. 755లో ఆన్ లుషాన్ తిరుగుబాటుతో కథ మారింది. దానికి ముందటి ఏడాది సర్కారు పట్టీలో 90 లక్షలకు పైగా కుటుంబాలుండేవి. వూజోంగ్ విహారాలను కూల్పించిన ఏడాది లెక్క 49,55,151. మిగతావాళ్లంతా చనిపోలేదు, సన్యాసం పుచ్చుకోనూ లేదు. యుద్ధం తర్వాత ఎన్నో ప్రాంతాల్లో సేనానులు స్థిరపడి, అక్కడి జనాన్ని తామే లెక్కపెట్టుకుని, పన్ను తామే తిన్నారు. తగ్గిన రాబడితోనే రాజధాని తన సైన్యాన్ని పోషించుకోవాలి. 780లో తెచ్చిన రెండు విడతల పన్ను విధానంలో పన్నును డబ్బులో లెక్కగట్టారు. చలామణిలో రాగి కాసులేమో చాలినన్ని లేవు. కాసు ప్రియమై ధాన్యం, పట్టు ధరలు పడిపోయాయి, అదే పన్ను కట్టడానికి రైతు మునుపటికంటే ఎక్కువ సరుకు అమ్ముకోవాల్సి వచ్చింది. అటు విహారాల్లో రాగి, కంచు విగ్రహాలై, గంటలై నిలబడి ఉంది.

విహారాన్ని తప్పుబట్టే వాదన అప్పటికే తయారుగా ఉంది. 770ల చివర్లో పెంగ్ యెన్ అనే అధికారి లెక్కగట్టి చూపించాడు: ఒక భిక్షువు కూటికీ గుడ్డకీ ఏడాదికి ముప్పై వేల కాసులు పైగా అవుతాయి, ఐదుగురు రైతులు కట్టే పన్ను దానికి చాలదు. 819లో హాన్ యు బుద్ధుడి ఎముకను రాజభవనానికి తేవద్దని రాసి దక్షిణాన చావోజౌకు ప్రవాసం వెళ్లాడు. హాన్ యు లేఖనే అందరూ తలుచుకుంటారు. కానీ 845ను అర్థం చేసుకోవడానికి అంతకంటే పనికొచ్చేది, అంత పేరు రాని మరో నివేదిక. అది 824 నాటిది.

ఆ ఏడాది హువాయ్ నది ఒడ్డున సిజౌలో, శూజౌను ఏలుతున్న వాంగ్ జిషింగ్ అనే సేనాని కొత్త చక్రవర్తి పుట్టినరోజు పుణ్యమంటూ ఒక దీక్షా వేదిక తెరిచాడు. తలకు రెండు వేల కాసులు. కట్టినవాడికి గుండు గీసి పత్రం చేతిలో పెట్టేవారు, వచ్చినవాడు ఆ దారినే ఇంటికి పోవచ్చు. పూజ, పాఠం, పరీక్ష ఏవీ లేవు. అప్పుడు యాంగ్‌చీ నదికి దక్షిణాన రున్‌జౌలో అధికారిగా ఉన్నవాడు లీ దెయు. తన ప్రాంతపు జనం నది దాటి పోతున్నారని విని, సువాన్‌షాన్ రేవు దగ్గర మనుషుల్ని పెట్టి లెక్క తీయించాడు. ఒక్క రోజులో నూరు మందికి పైగా దాటారు. వాళ్లను నిలదీస్తే ముందునుంచీ శ్రామణేరులుగా ఉన్నవాళ్లు 14 మందే తేలారు, తక్కినవాళ్లు సుజౌ, చాంగ్‌జౌ ప్రాంతాల మామూలు జనం. ముగ్గురు మగపిల్లలున్న ఇంట ఒకడికి గుండు చేయిస్తున్నారనీ, ఉద్దేశం వెట్టి తప్పించుకోవడం, ఆస్తిని దాచుకోవడమేననీ అతను రాశాడు. వెంటనే ఆపకపోతే చక్రవర్తి పుట్టినరోజు నాటికి దక్షిణాదిలో ఆరు లక్షల మంది వయసు మగవాళ్లు పట్టీలోంచి జారిపోతారని హెచ్చరించాడు. ఆరు లక్షల అంచనా భయపెట్టడానికి వేసిందే కావచ్చు, రేవు దగ్గర తలలు ఎంచడం మాత్రం అసలైన ఆడిటరు పని. ఈ ఉదంతంలో దీక్షను అమ్మింది విహారం కాదన్నది గమనించాలి. అమ్మింది సేనాని, కొన్నది సంసారి. విహారం వారిద్దరి మధ్య చలామణి అయిన పేరు మాత్రమే. ఆ రోజు తలలు ఎంచిన లీ దెయు పదహారేళ్ల తర్వాత వూజోంగ్‌కు ప్రధానమంత్రి అయ్యాడు.

అతని కాలంలో వచ్చిన ఉత్తర్వులు ఆ రేవు లెక్కలాగే నడిచాయి. 842లో మొదటి గట్టి దెబ్బ పడింది. నేరచరిత్ర ఉన్నవాళ్లు, పెళ్లాం ఉన్నవాళ్లు, మంత్రాలతో బతికేవాళ్లు కాషాయం వదలాలి. మిగిలినవాళ్లలో సొంత డబ్బు, ధాన్యం, పొలం ఉన్నవాళ్లు వాటిని సర్కారుకు అప్పగించాలి, ఆస్తి మీద మమకారం పోకపోతే సంసారులై పన్ను కట్టుకోవాలి. రాజధాని చాంగాన్‌లోనే 3,491 మంది ఇళ్లకు వెళ్లారు. ఈ అంకెను మనకు అందించింది ఎన్నిన్ అనే జపాన్ భిక్షువు. చదువుకోసం వచ్చి చిక్కుకుపోయి, రోజువారీ రాసుకున్న అతని దినచర్య లేకపోతే ఈ కథలో సగం మనకు దక్కేది కాదు. 845 వసంతంలో మొదట నలభై దాటని భిక్షువులను పంపేశారని, తర్వాత యాభై లోపువాళ్లను, ఆ తర్వాత యాభై దాటినా సరైన పత్రం లేనివాళ్లను పంపారని అతను రాశాడు. చివరికి విదేశీ భిక్షువుల వంతు వచ్చి ఎన్నిన్ కూడా జుట్టు పెంచుకుని ఊరు విడిచాడు. ధర్మం మీద పగ ఉన్నవాడు ముందు వృద్ధ గురువుల్ని తరిమేవాడు. ఇక్కడ ముందు పోయింది నాగలి పట్టగల వయసువాళ్లు. విగ్రహాలకూ ఇదే న్యాయం. కంచు విగ్రహాలను, గంటలను కాసులుగా పోత పోశారు. ఇనుపవి వ్యవసాయ పనిముట్లయ్యాయి. బంగారం, వెండి ఖజానాకు చేరాయి. మట్టి, కర్ర, రాతి విగ్రహాలను ఉండనిచ్చారు. కూల్చిన విహారాల కలపతో కచేరీలూ, రాచబాటల మీది సత్రాలూ బాగుచేశారు.

దీనికి గట్టి అభ్యంతరం ఎన్నిన్ నుంచే వస్తుంది. అతను చూసిన వూజోంగ్ లెక్కల మనిషి కాడు. తావో గురువు జావో గుయిజెన్ మాటలకు లోబడి, చావు లేకుండా చేసే మందు కోసం తపించి, దేవతల్ని చేరడానికి ఆకాశాన్నంటే అరుగు కట్టించినవాడు. పొదుపు కోసం విహారాలు కూల్చినవాడు అరుగు మీద డబ్బెందుకు తగలేస్తాడు? రాజుకు తావో మీద పిచ్చి ఉన్నమాట నిజమే. ఆ పిచ్చే పనికి వేగాన్నీ, కర్కశత్వాన్నీ ఇచ్చింది. అయితే తావో భక్తులైన చక్రవర్తులు తాంగ్ వంశంలో అంతకుముందూ ఉన్నారు, వాళ్లెవరూ ఈ పని చేయలేదు. భక్తి ఒక్కటే కారణమైతే మట్టి బుద్ధుణ్ణి వదిలి కంచు బుద్ధుణ్ణే ఎందుకు పట్టుకున్నట్టు? 843, 844లలో జావోయి ప్రాంతపు తిరుగుబాటు మీద యుద్ధం నడిచింది, దాని ఖర్చు అరుగు ఖర్చుతో పోల్చదగ్గది కాదు.

రాజకీయం కూడా పన్ను లెక్కతో ముడిపడే ఉంది. రాజధానిలో భిక్షువుల వ్యవహారాలు చూసే పుణ్యకార్యాల పదవులు అంతఃపుర నపుంసకుల చేతిలో ఉండేవి. వాళ్లలో అగ్రగణ్యుడు చియు షిలియాంగ్. 840లో వూజోంగ్‌ను గద్దెనెక్కించింది అతనే. 842 నాటి ఉత్తర్వు అమలును వంద రోజులు ఆపమని అడిగిందీ అతనే. 843లో అతను చనిపోయాడు, మరుసటి ఏడాది అతని బిరుదులు తీసేసి ఆస్తి జప్తు చేశారు. పెద్ద ఉత్తర్వులు ఆ తర్వాతే వచ్చాయి. భిక్షువుల పట్టీని నపుంసకుల నుంచి లాగి, విదేశీయుల వ్యవహారాలు చూసే శాఖకు అప్పగించారు. బౌద్ధం పరాయిదని చాటడం పైకి చెప్పిన కారణం. ఆ మాటతోపాటు నపుంసకుల చేతిలోని ఒక పెద్ద అధికారం మంత్రుల చేతికి వచ్చింది.

పరాయిదనే మాట వచ్చింది కాబట్టి ఇంకో అభ్యంతరం. నెస్టోరియన్ క్రైస్తవులు, జొరాస్ట్రియన్లు కలిపి మూడు వేల మంది కూడా ఇదే ఉత్తర్వులో కాషాయం లాంటిదేదో విప్పాల్సి వచ్చింది. వాళ్ల దగ్గర తీసుకోదగ్గ సిరి ఎంత ఉంటుంది? ఇక్కడ నా ఖజానా సిద్ధాంతం సరిపోదని ఒప్పుకోవాలి. విదేశీ ద్వేషం అప్పట్లో నిజంగానే ఉంది. దానికీ ఒక తక్షణ కారణముంది. 840లో ఉయ్‌గూర్ రాజ్యం కూలిపోయింది. అంతవరకు వాళ్ల అండ చూసి తాంగ్‌లు సహించిన మానికేయులను 843లో అణచివేశారు, వాళ్ల పూజారుల్ని చంపిన సంగతి ఎన్నిన్ రాశాడు. భయపెట్టే పొరుగువాడు లేకుండా పోవడంతో పరాయి మతం మీద చేయి చేసుకోవడం తేలికైంది. డబ్బు ఎవరిని ముందు పట్టుకోవాలో నిర్ణయిస్తే, ద్వేషం పక్కనున్నవాళ్లనూ అదే వలలో వేసింది.

నా వాదనకు అసలు బలం ఆ ఉత్తర్వు చేరని చోట ఉంది. పసుపు నదికి ఉత్తరాన సేనానులు స్వతంత్రంగా ఏలుకునే ప్రాంతాల్లో విహారాలను ముట్టుకోలేదని ఎన్నిన్ రాశాడు. పన్ను పంపని చోట కూల్చమన్న ఆజ్ఞ కూడా చెల్లలేదు. అలాగని అక్కడివాళ్లు ధర్మరక్షకులూ కారు. ఊతాయ్ కొండల నుంచి భిక్షువులు అలాంటి ప్రాంతమే అయిన యూజౌకు పారిపోతుంటే లీ దెయు అక్కడివాళ్లను మందలించాడు. అక్కడి సేనాని జాంగ్ జోంగ్‌వు జుయోంగ్ కనుమకు రెండు కత్తులు పంపి, తిరుగుతూ వచ్చే భిక్షువు ఎవడైనా కనిపిస్తే తల తీయమన్నాడు. రాజధానికి ఇవ్వగలిగింది ఆ మర్యాదే, పన్ను కాదు. తగ్గిపోయిన నలభై లక్షల కుటుంబాల పక్కన రెండు లక్షల అరవై వేల మంది భిక్షువులను పెట్టి చూస్తే, ఎవరి వల్ల ఖజానా ఖాళీ అయిందో తెలుస్తుంది. విహారాల నుంచి చిక్కిందని ప్రకటించిన భూమి అంకె కూడా నమ్మదగ్గది కాదు, దాన్ని అక్షరాలా తీసుకుంటే దేశంలో సాగయ్యే నేలనంతటినీ మించిపోతుంది. దొరకని సొమ్మును కాగితం మీద దొరికించుకోవడం ఆ ఉత్తర్వులోనే మొదలైంది.

తర్వాతి కథ అంత తిన్నగా నడవదు. 846లో వూజోంగ్ చనిపోయాడు, అమరత్వపు మందులే అందుకు కారణమని చెబుతారు. కొత్త చక్రవర్తి జావో గుయిజెన్‌ను చంపించి, లీ దెయును పంపేశాడు. లీ దెయు దక్షిణపు కొసన హైనాన్ దీవిలో కన్నుమూశాడు. విహారాలు మళ్లీ లేచాయి. ఊతాయ్‌లో కూలిన ఫొగువాంగ్ విహారపు తూర్పు మండపం 857లో తిరిగి కట్టింది, 1937లో లియాంగ్ సిచెంగ్, లిన్ హుయీన్ దాన్ని గుర్తించారు. విగ్రహాలు కరిగించి పోసిన కాసులు, వెనుక టంకశాల గుర్తుగా ఒక్కో అక్షరంతో, నాణేల సేకర్తల దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. చైనాలో బౌద్ధం పతనం ఇక్కడే మొదలైందని చాలాకాలం పుస్తకాలు రాశాయి. తర్వాతి వందేళ్లలో జెన్ శాఖలు వికసించడం, 868లోనే వజ్రచ్ఛేదిక సూత్రం అచ్చు కావడం ఆ మాటకు అడ్డొస్తాయి. 20వ శతాబ్దపు ఆర్థిక చరిత్రకారులు విహారాల వడ్డీ వ్యాపారాన్నీ, నీటి మిల్లులనూ తవ్వి తీశాక లెక్కల వాదనకు బలం వచ్చింది. ఎన్నిన్ దినచర్య వెలికివచ్చి అనువాదమయ్యాక రాజు పిచ్చికీ అంతే బలం వచ్చింది. రెండూ నిలుస్తాయనే నా అభిప్రాయం. కానీ ఫలితాన్ని తూచేటప్పుడు 875ను మరవకూడదు. విహారాలు కూల్చిన ముప్పై ఏళ్లకు తిరుగుబాటులో చేరి ఆ రాజ్యం నడుం విరిచింది ఉప్పు దొంగ రవాణా వర్తకుడు హువాంగ్ చావో, అతని వెంట ఆకలిగొన్న రైతులు. భిక్షువుల్ని పట్టీకెక్కించిన రాజ్యం, రైతు ఆ పట్టీలోంచి ఎందుకు పారిపోతున్నాడో అడగలేదు. సువాన్‌షాన్ రేవు దాటినవాళ్లు ఆ జవాబు 824లోనే చెప్పారు: కట్టలేని పన్ను కంటే రెండు వేల కాసుల గుండే వాళ్లకు చవక.