కనీస హార్డ్‌వేర్ అవసరాలు (వీడియో గేములు)

ఒక వీడియో గేము ఆడదగ్గ స్థాయిలో నడవడానికి కావలసిన అత్యల్ప ప్రాసెసర్, గ్రాఫిక్స్, మెమరీల వివరమిది. సొంతంగా గేములు చేసే డెవలపర్లు దీన్ని పాత యంత్రంపై పరీక్షించి నిర్ణయించవచ్చు.

పరీక్ష: 2012 నాటి ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకుంటే, విండోస్‌లో ఈ చిప్‌కు వల్కన్ డ్రైవర్ లేదు. వల్కన్ తప్పనిసరైన గేము దానిపై మొదలే కాదు. గోడో 4లో ఓపెన్‌జీఎల్‌తో పనిచేసే `Compatibility` రెండరర్‌ను ఎంచుకుంటే ఈ అడ్డంకి తొలగుతుంది.

తర్వాత గేములో అన్నిటికంటే బరువైన సన్నివేశాన్ని అరగంట పాటు ఆడాలి. యంత్రం వేడెక్కాక వేగం తగ్గుతుంది కనుక మొదటి నిమిషాల ఫలితం సరిపోదు. సెకనుకు 30 ఫ్రేములు లక్ష్యమైతే ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లలో పూర్తవ్వాలి. సగటు బాగున్నా మధ్యమధ్యలో ఆట ఆగి ఆగి సాగవచ్చు; అందుకే అతి నెమ్మదైన 1 శాతం ఫ్రేములను విడిగా చూస్తారు.

లోపం గుర్తింపు: రిజల్యూషన్ తగ్గించగానే వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్‌పై ఉన్నట్టు, మారకపోతే సాధారణంగా ప్రాసెసర్‌పై ఉన్నట్టు.

ప్రకటన: పరీక్షలో నెగ్గిన యంత్రం వివరాలతో పాటు రిజల్యూషన్, సెట్టింగులు, ఫ్రేముల వేగం కూడా పేర్కొనాలి. అంతకంటే బలహీనమైన యంత్రాన్ని పరీక్షించకుండా జాబితాలో చేర్చకూడదు.