చిరునామా విభజన

చిరునామా విభజన అనగా ఒకే వరుసలో వ్రాసిన తపాలా చిరునామాను వీధి, ఊరు, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడు అనే వేర్వేరు గడులలోకి విడదీయడం. సాధారణంగా దీనిని చివరినుండి మొదలుపెడతారు.

===ఉదాహరణ===
"3-45, రామాలయం వీధి, ఉంగుటూరు, ప.గో.జిల్లా, ఆం.ప్ర. 534411" అనే చిరునామాలో మొదట ఆరంకెల పిన్‌కోడును వేరుచేయాలి. పిదప "ఆం.ప్ర."ను ఆంధ్ర ప్రదేశ్ గాను, "ప.గో."ను పశ్చిమ గోదావరి గాను విస్తరించాలి. మిగిలినదానిలో చివరిది ఊరు, దానికి ముందున్నవి వీధి, ఇంటి నంబరు.

===చిక్కులు===
కృష్ణా జిల్లాలో కూడా ఒక ఉంగుటూరు ఉన్నందున ఊరిపేరు ఒక్కటే చాలదు. పిన్‌కోడు 534తో మొదలైతే అది ఏలూరు ప్రాంతపు ఉంగుటూరు, 521తో మొదలైతే కృష్ణా జిల్లా ఉంగుటూరు.

అయితే పిన్‌కోడు మొదటి మూడంకెలను బట్టి జిల్లాను నిర్ణయించరాదు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినపుడు పై చిరునామాలోని ఉంగుటూరు అందులో చేరింది. పొరుగున ఉన్న తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే మిగిలింది. రెండింటి పిన్‌కోడులూ 534తోనే మొదలవుతాయి. అందుచేత ఊరిపేరును, పూర్తి పిన్‌కోడును ప్రస్తుత జిల్లాల జాబితాతో పోల్చి, జిల్లా గడిలో "ఏలూరు" అని నింపాలి. పిన్‌కోడు, జిల్లా రెండూ లేని చిరునామాలో జిల్లా గడిని ఖాళీగా వదలాలి. పొరపాటును తరువాత సరిదిద్దడానికి వీలుగా మూల చిరునామాను యథాతథంగా వేరొక గడిలో భద్రపరచాలి.