వంటగదిలో నిప్పు, అద్దెదారు మీద లెక్క

పొయ్యి మీది నూనె అంటుకుని అద్దె ఫ్లాట్‌లో వంటగది కాలిపోతే ఇంటి యజమాని అద్దెదారు దగ్గర ఎంత వసూలు చేయవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు ఏడు శతాబ్దాలుగా మారుతూ వచ్చింది. మన దేశంలో మాత్రం 1882 నాటి జవాబే ఇంకా నడుస్తోంది.

మన చట్టానికి మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. 1278 నాటి గ్లాస్టర్ శాసనం ప్రకారం ఆస్తిని పాడుచేసిన కౌలుదారు మూడింతల పరిహారం కట్టాలి, ఆస్తినీ వదులుకోవాలి. నిప్పు విషయంలో ఆ కాఠిన్యాన్ని 1707 చట్టం, ఆ తర్వాత 1774 చట్టంలోని 86వ సెక్షన్ తగ్గించాయి. అనుకోకుండా ఇంట్లో నిప్పు పుడితే ఆ ఇంట్లో ఉన్నవారి మీద దావా చెల్లదన్నాయి. అయితే యజమానికీ అద్దెదారుకూ మధ్య రాసుకున్న ఒప్పందం ఏమైనా ఉంటే దాన్ని ముట్టుకోలేదు. 1847లో ఫిలిటర్ కేసులో కోర్టు మరో హద్దు గీసింది: అజాగ్రత్త వల్ల పుట్టిన నిప్పుకు ఈ రక్షణ వర్తించదు. అంటే పొయ్యి వెలిగించి వదిలేసి వెళ్లినవాడు మళ్లీ బాధ్యుడయ్యాడు.

1882లో మన ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ కూడా ఇదే దారి పట్టింది. మామూలు వాడకపు అరుగుదల, ఎవరూ ఆపలేని ఉపద్రవం మినహా, అద్దెదారు ఇల్లు తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. తన వల్ల గానీ తన పనివాళ్ల వల్ల గానీ నష్టం జరిగితే, నోటీసు అందిన మూడు నెలల్లో బాగు చేయించాలి. యజమానికి ఆధారం ఈ నియమమే, ఒప్పందంలో వేరే షరతు లేనంతవరకు.

హైదరాబాదులో ఒక ఫ్లాట్‌ను ఊహించుకుందాం. అద్దెదారు బజ్జీలకు నూనె పెట్టి ఫోన్ కోసం హాల్లోకి వెళ్లాడు. నూనె అంటుకుంది, మంట చిమ్నీకి ఎక్కింది, కప్‌బోర్డులు కాలాయి, పై కప్పు నల్లబడింది. ముందు తేలాల్సింది నిప్పు ఎక్కడ పుట్టిందన్నది. స్టవ్ నాబ్ తెరిచి ఉండి, మూకుడు అడుగు మాడి ఉంటే అద్దెదారు తప్పు కనిపిస్తుంది. గోడలోని పాత వైరింగ్ షార్టయి ఉంటే లెక్క తిరగబడుతుంది. అందుకే అగ్నిమాపక శాఖ ఇచ్చే నివేదిక, బూడిద ఎత్తకముందు తీసిన ఫోటోలు ఇద్దరికీ అవసరం.

తప్పు అద్దెదారుదేనని తేలినా యజమానికి దక్కేది ఇల్లు అప్పగించిన నాటి స్థితికి తేవడానికయ్యే ఖర్చే. ఎనిమిదేళ్ల కప్‌బోర్డులకు బదులు కొత్తవి చేయించి, పూర్తి ధర అద్దెదారు నెత్తిన వేయడం న్యాయం కాదు. మరమ్మతు జరిగినంతకాలం ఇల్లు అద్దెకివ్వలేకపోతే ఆ నష్టాన్ని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద అడగవచ్చు. కానీ పని సాగదీసి నష్టం పెంచుకుంటే ఆ భాగం రాదు. అడ్వాన్సులోంచి మినహాయించుకునే ముందు బిల్లులు చూపి, ఖర్చు వివరం రాసి ఇవ్వాలి.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ లెక్కలోకి బీమా వచ్చింది. యజమానికి సొమ్ము చెల్లించిన బీమా సంస్థ అతని స్థానంలో నిలబడి అద్దెదారు మీద దావా వేయడం మొదలైంది. అమెరికాలోని ఓక్లహామాలో ఒక అద్దెదారు కొడుకు చేసిన పని వల్ల ఇంట్లో నిప్పు పుట్టింది. అద్దెలో బీమా ప్రీమియం కూడా ఇమిడి ఉంటుంది కనుక అద్దెదారునూ బీమాలో భాగస్వామిగా చూడాలని 1975లో అక్కడి కోర్టు బీమా సంస్థ దావాను తోసిపుచ్చింది. అమెరికా రాష్ట్రాలన్నీ దాన్ని ఒప్పుకోలేదు.

జర్మనీ ఇంకా ముందుకెళ్లింది. అక్కడ అద్దెదారు కూతురు, పన్నెండేళ్ల పిల్ల, పొయ్యి మీద నూనె పెట్టి వంటగది వదిలి వెళ్లింది. నిప్పు రాజుకుంది. భవన బీమా ఖర్చును అద్దెదారే భరిస్తున్నా, యజమాని బీమా క్లెయిమ్ చేయలేదు, మరమ్మతూ చేయించలేదు. 2014 నవంబరులో సుప్రీం స్థాయి కోర్టు తీర్పు చెప్పింది: చిన్నపాటి అజాగ్రత్త అయితే యజమాని బీమా ద్వారానే నష్టం తీర్చుకోవాలి, ఇల్లు బాగు చేయించాలి, అప్పటిదాకా అద్దె తగ్గించుకునే హక్కు అద్దెదారుకు ఉంటుంది. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. ప్రీమియం కట్టేవాడికి దాని ఫలం దక్కాలి.

మన దగ్గర ఆ వెసులుబాటు చట్టంలో రాసి లేదు. సొమ్ము చెల్లించిన బీమా సంస్థ పాలసీదారు హక్కులను అందుకుంటుందని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక సరుకు రవాణా కేసులో స్పష్టం చేసింది. అదే సూత్రం మీద, యజమానికి పాలసీ ఉందన్న ధీమాతో కూర్చున్న అద్దెదారుకు ఆ సంస్థ నుంచే నోటీసు రావచ్చు. కాబట్టి ఒప్పందం మీద సంతకం చేసేముందు యజమాని పాలసీలో అద్దెదారు పేరు చేర్చమనండి, లేదా అద్దెదారుపై దావా వదులుకుంటామన్న షరతు రాయించమనండి. రెండూ కుదరకపోతే మీ పేరిట విడిగా బాధ్యత బీమా తీసుకోండి.